అన్నం తాళంచెవి, లాలాజలం తాళం

ఉడికిన అన్నంలో నీటిని మినహాయిస్తే మిగిలేది చాలావరకు పిండిపదార్థమే. గ్లూకోజ్ అణువులు వందలు, వేల సంఖ్యలో ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడిన పొడవాటి గొలుసు అది. శరీరానికి కావలసింది గ్లూకోజ్. గొలుసు గొలుసుగానే ఉంటే పేగు గోడ దాటి రక్తంలోకి చేరలేదు. కాబట్టి దాన్ని ముక్కలు చేయాలి. ముక్కలు చేయడమంటే రెండు గ్లూకోజ్‌ల మధ్య ఉన్న బంధం దగ్గరికి ఒక నీటి అణువును తెచ్చి, ఆ బంధాన్ని తెంచడం. చెప్పడానికి ఇంతే. కానీ అన్నంలో ఎంత నీరున్నా ఈ పని దానంతటది జరగదు. సూక్ష్మజీవులేవీ లేని శుద్ధమైన నీటిలో, గది ఉష్ణోగ్రత దగ్గర, ఇలాంటి ఒక బంధం తనంత తానుగా తెగడానికి లక్షల సంవత్సరాలు పడుతుందని రసాయన శాస్త్రవేత్తల అంచనా. రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం తెల్లారేసరికి పులుస్తుంది కదా అనిపించవచ్చు. ఆ పని చేసేది నీరు కాదు, అందులో పెరిగిన సూక్ష్మజీవులు.

ప్రయోగశాలలో పిండిపదార్థాన్ని గ్లూకోజ్‌గా మార్చాలంటే ఆమ్లం కలిపి చాలాసేపు మరిగించాలి. నోట్లో అంత హంగామా ఏమీ ఉండదు. మరిగించడం లేదు, ఆమ్లం లేదు, ఉన్నది 37 డిగ్రీల సెల్సియస్ ఒంటి వేడి మాత్రమే. అయినా కూర కలపని ఉత్త అన్నం ముద్దను ఒకటి రెండు నిమిషాలు మింగకుండా నమిలితే నాలుకకు సన్నని తీపి తెలుస్తుంది. గొలుసు తెగి, రెండేసి గ్లూకోజ్‌లున్న మాల్టోజ్ అనే చక్కెర విడుదలైందన్న మాట. తెంచింది లాలాజలంలోని ఎమైలేజ్. అది ఒక ఎంజైమ్.

జీవుల శరీరంలో రసాయన చర్యలను వేగంగా జరిపించి, చర్య ముగిశాక తాము మాత్రం మారకుండా మిగిలే పదార్థాలు ఎంజైములు. వీటిలో దాదాపు అన్నీ ప్రోటీన్లే. ఒక బంధాన్ని తెంచిన ఎమైలేజ్ అణువు ఖర్చైపోదు. వెంటనే ఇంకో బంధం మీదికి వెళుతుంది, అక్కడి నుంచి మరోదాని మీదికి. అందుకే ముద్ద ఎంత పెద్దదైనా చాలా కొద్ది ఎమైలేజ్ సరిపోతుంది.

ఒక అణువుకు ఇంత పని ఎలా సాధ్యమన్నది దాని రూపంలోనే ఉంది. మనిషి లాలాజలంలోని ఎమైలేజ్ 496 అమైనో ఆమ్లాలు వరుసగా చేరిన ఒక పొడవాటి దారం. తయారైన దారం అలాగే సాగి ఉండదు. తన మీద తానే మడతలు పడి ఒక గట్టి ముద్దగా మారుతుంది. ప్రతి ఎమైలేజ్ అణువూ సరిగ్గా ఒకే తీరులో మడత పడుతుంది. ఆ ముద్ద ఒక పక్కన పొడవాటి గాడి ఒకటి ఏర్పడుతుంది. పిండిపదార్థపు గొలుసు వచ్చి పడుకునేది ఆ గాడిలోనే. దాన్ని క్రియాశీల స్థానం అంటారు. మొత్తం అణువుతో పోలిస్తే అది చాలా చిన్న భాగం. అసలు పని అక్కడ చేరిన రెండు మూడు అమైనో ఆమ్లాలదే. దారం మీద 197వ స్థానంలో ఉన్న ఆస్పార్టిక్ ఆమ్లం, 233వ స్థానంలో ఉన్న గ్లుటామిక్ ఆమ్లం వీటిలో ముఖ్యమైనవి. దారాన్ని సాగదీస్తే ఈ రెండూ దూరదూరంగా ఉంటాయి. మడత పడినప్పుడు మాత్రమే గాడిలో ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే వేడి ఎంజైమ్‌ను ఎందుకు పాడుచేస్తుందో సగం అర్థమైనట్టే.

గొలుసు గాడిలో చేరగానే 233వ ఆమ్లం తన దగ్గరున్న ఒక ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ అయాన్‌ను, బంధంలోని ఆక్సిజన్‌కు అందిస్తుంది. అదే సమయంలో రెండో వైపు నుంచి 197వ ఆమ్లం గ్లూకోజ్‌ను పట్టుకుంటుంది. బంధం తెగి గొలుసులో ఒక ముక్క విడిపోతుంది. తర్వాత నీటి అణువు వచ్చి, 197వ ఆమ్లం పట్టుకున్న ముక్కను విడిపిస్తుంది. గాడి ఖాళీ అవుతుంది. 233వ ఆమ్లం పోగొట్టుకున్న ప్రోటాన్ నీటి నుంచి తిరిగి వస్తుంది. ఎంజైమ్ మొదట ఎలా ఉందో అలాగే మళ్లీ సిద్ధం.

ఫిషర్ చూసిన తాళం

ఎంజైమ్‌నూ అది పనిచేసే పదార్థాన్నీ తాళంతో, తాళంచెవితో పోల్చినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్. సంవత్సరం 1894. అప్పటికి ఎంజైములు ప్రోటీన్లని ఎవరికీ ఖాయంగా తెలియదు. జేమ్స్ సమ్నర్ అనే అమెరికన్ 1926లో తమ్మకాయ జాతికి చెందిన జాక్ బీన్ గింజల నుంచి యూరియేజ్ అనే ఎంజైమ్‌ను స్ఫటికాలుగా వేరుచేసి, అది ప్రోటీనని చూపేదాకా ఆ వాదన తేలలేదు. ఎంజైమ్ లోపల గాడి ఉంటుందని ఫిషర్ చూసే అవకాశమే లేదు. అయినా ఆయన ఊహ ఒక నిక్కచ్చి ప్రయోగం నుంచి వచ్చింది.

ఫిషర్ గ్లూకోజ్‌కు ఒక చిన్న మిథైల్ గుంపును అతికించి రెండు పదార్థాలు తయారుచేశాడు. రెండింటిలోనూ ఉన్న పరమాణువులు అవే, సంఖ్యా అంతే. తేడా ఒక్కటే. మొదటి రకంలో ఆ గుంపు గ్లూకోజ్ వలయానికి ఒక దిక్కున ఉంటుంది, రెండో రకంలో మరో దిక్కున. వీటికి ఆల్ఫా, బీటా అని పేర్లు. ఈస్ట్ నుంచి తీసిన ఎంజైమ్ ద్రవం ఆల్ఫా రకాన్ని విడగొట్టింది, బీటా జోలికి పోలేదు. బాదం గింజల నుంచి తీసిన ఎమల్సిన్ దానికి సరిగ్గా తిరగబడి బీటాను విడగొట్టి ఆల్ఫాను వదిలేసింది. పదార్థంలో ఏముందన్నదే కాదు, అది ఏ ఆకారంలో ఉందన్నది కూడా ఎంజైమ్ చూస్తోందని దీన్నిబట్టి తేలిపోయింది. తాళంలో తాళంచెవి ఇమిడినట్టు రెండింటి ఆకారాలూ ఒకదానికొకటి సరిపోతేనే చర్య జరుగుతుందని ఫిషర్ రాశాడు.

ఈ ఆల్ఫా, బీటా తేడా ఎంత పెద్దదో వరి పొలంలోనే కనిపిస్తుంది. బియ్యంలోని పిండిపదార్థం గ్లూకోజ్ గొలుసే, వరిగడ్డిలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే. పిండిపదార్థంలో గ్లూకోజ్‌లు ఆల్ఫా దిక్కున అతుక్కుంటాయి, సెల్యులోజ్‌లో బీటా దిక్కున. ఆ ఒక్క తేడాతో పిండిపదార్థపు గొలుసు మెలికలు తిరుగుతూ పోతే, సెల్యులోజ్ గొలుసు నిటారుగా సాగుతుంది. ఎమైలేజ్ గాడిలో మెలిక గొలుసు ఇముడుతుంది, నిటారు గొలుసు ఇమడదు. అందుకే మనిషికి గింజ తిండి అయింది, గడ్డి కాలేదు. ఆవుకూ గేదెకూ గడ్డి ఎలా అరుగుతుందన్న ప్రశ్నకు జవాబు వాటి లాలాజలంలో లేదు. వాటి పొట్ట మొదటి అరలో కాపురముండే సూక్ష్మజీవుల దగ్గర సెల్యులోజ్‌కు సరిపోయే ఎంజైములున్నాయి.

అయితే ఈ పోలికకు హద్దుంది. ఇనుప తాళం కదలదు, ఎంజైమ్ కదులుతుంది. పదార్థం వచ్చి చేరినప్పుడు గాడి గోడలు కొద్దిగా సర్దుకుని దాన్ని బిగించి పట్టుకుంటాయని అమెరికన్ శాస్త్రవేత్త డేనియల్ కోష్‌లాండ్ 1958లో ప్రతిపాదించాడు. తర్వాత ఎక్స్ కిరణాలతో తీసిన చిత్రాల్లో చాలా ఎంజైములు అలా సర్దుకోవడం కనిపించింది కూడా. సర్దుకునేది మాత్రం కొద్దిగానే. పూర్తిగా వేరే ఆకారం వస్తే ఏ సర్దుబాటూ చాలదు. బియ్యపు పిండిపదార్థంలో అక్కడక్కడా గొలుసు నుంచి కొమ్మలు చీలే చోట బంధం తీరు మారుతుంది. ఎమైలేజ్ ఆ కొమ్మ బంధాన్ని తెంచలేక దాన్ని అలాగే వదిలేస్తుంది. పేగులో వేరే ఎంజైములు ఆ మిగిలిన పని చూసుకుంటాయి.

గాడిలో ఇమిడే ఆకారమే ఉండి, తెగని పదార్థమైతే ఏమవుతుంది? గాడిలో చేరి అక్కడే తిష్ఠ వేస్తుంది, అసలు పదార్థానికి చోటు దొరకదు. మధుమేహానికి ఇచ్చే అకార్బోజ్ మాత్ర చేసేది ఇదే. పిండిపదార్థపు గొలుసు ముక్కను పోలిన ఆకారంతో పేగులోని ఎమైలేజ్‌ను, దాని తోటి ఎంజైములను అడ్డుకుని, భోజనం తర్వాత రక్తంలో గ్లూకోజ్ ఒక్కసారిగా పెరగకుండా చూస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల 1940లలో తయారుచేసిన అమినోప్టెరిన్ కూడా ఇలాంటి మారు తాళంచెవే. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన ఆకారంతో వేరొక ఎంజైమ్‌లో దూరి, రక్తక్యాన్సర్ కణాలు పెరగకుండా అది ఆపింది.

వేడి తగిలితే

ఎమైలేజ్ మీద వేడి ప్రభావాన్ని బడిలోనే చూడవచ్చు. ఒక గ్రాము పిండిని 100 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, కాచి, చల్లార్చితే పలుచని గంజిలాంటి ద్రావణం వస్తుంది. నోరు పుక్కిలించాక ఊరిన లాలాజలాన్ని పదింతల నీటితో పలుచన చేయాలి. ఎవరి లాలాజలంతో వారే చేసుకోవడం ఆరోగ్యానికి మంచిది. మూడు పరీక్షనాళికల్లో రెండేసి మిల్లీలీటర్ల లాలాజల ద్రవం తీసుకుని, ఒకదాన్ని మంచుముక్కల్లో, ఒకదాన్ని 37 డిగ్రీల నీటిలో ఉంచాలి. మూడోదాన్ని పది నిమిషాలు మరిగే నీటిలో ఉంచి తీయాలి. తర్వాత మూడింటిలోనూ ఐదేసి మిల్లీలీటర్ల పిండి ద్రావణం పోసి, నిమిషానికోసారి ఒక్కో చుక్క తీసి తెల్లటి పలక మీద అయోడిన్ చుక్కతో కలపాలి. పిండిపదార్థపు మెలికల లోపల అయోడిన్ చేరితే నలుపు కలిసిన నీలం రంగు వస్తుంది. గొలుసు తెగి ముక్కలు చిన్నవయ్యేకొద్దీ రంగు ఎర్రటి గోధుమ వన్నెకు తిరిగి, చివరికి అయోడిన్ సొంత పసుపు రంగు మాత్రమే మిగులుతుంది.

37 డిగ్రీల నాళికలో నీలం త్వరలోనే పోతుంది. ఎన్ని నిమిషాలన్నది మనిషిని బట్టి మారుతుంది, ఎందుకంటే అందరి లాలాజలంలో ఎమైలేజ్ ఒకే మోతాదులో ఉండదు. మంచులోని నాళికలో నీలం చాలాసేపు నిలుస్తుంది. మరిగించిన నాళికలోనూ నిలుస్తుంది. ఇక్కడితో ఆపితే చల్లదనమూ వేడీ రెండూ ఎంజైమ్‌ను పాడుచేశాయనిపిస్తుంది. ప్రయోగంలో అసలు భాగం దీని తర్వాతే ఉంది. ఆ రెండు నాళికలనూ తెచ్చి 37 డిగ్రీల నీటిలో పెట్టాలి. మంచులో ఉన్నది మేల్కొని నీలాన్ని పోగొడుతుంది. మరిగినది ఎంతసేపు ఉంచినా అలాగే ఉంటుంది. చల్లదనం పనిని నెమ్మదింపజేసింది, వేడి పనిముట్టునే పాడుచేసింది.

ఇందులో జాగ్రత్త పడాల్సిన చోటొకటుంది. వేడిగా ఉన్న పిండి ద్రావణంలో అయోడిన్ నీలం రంగు నిలవదు, చల్లారితే తిరిగి వస్తుంది. మరిగే నీటిలోంచి తీసిన నాళికను చల్లార్చకుండా అయోడిన్‌తో పరీక్షిస్తే నీలం కనిపించక, పిండి అరిగిపోయిందన్న తప్పు నిర్ణయానికి వస్తారు. ప్రతి చుక్కనూ చల్లార్చాకే చూడాలి. లాలాజలం లేని ఉత్త పిండి ద్రావణం ఒకటి పక్కన ఉంచుకుంటే పోల్చుకోవడం తేలిక.

చల్లదనం ఎందుకు నెమ్మదిస్తుందంటే, నీటిలో అణువులన్నీ నిత్యం కదులుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి. పిండి గొలుసు వచ్చి గాడిలో పడేది ఆ గుద్దుళ్లలోనే. చలిలో కదలిక తగ్గుతుంది, గుద్దుళ్లు తగ్గుతాయి, తగిలినవాటిలోనూ బంధం తెగేంత ఊపు కొన్నింటికే ఉంటుంది. వెచ్చబెడితే రెండూ పెరుగుతాయి. ఎంజైమ్ చెడనంతవరకు ప్రతి 10 డిగ్రీలకు వేగం సుమారు రెట్టింపు అవుతుందని మోటు లెక్క. ఫ్రిజ్‌లో పాలూ కూరగాయలూ ఎక్కువ కాలం నిలవడానికి ఒక కారణం ఇదే. వాటిలోని, వాటిమీది సూక్ష్మజీవుల్లోని ఎంజైములు చావలేదు, మందగించాయి. బయట పెడితే మళ్లీ మొదలు.

వేడి పెరిగేకొద్దీ వేగం పెరుగుతూనే పోవాలి కదా, ఒక దశ దాటాక ఎందుకు పడిపోతుంది? కారణం మడతలో ఉంది. అమైనో ఆమ్లాలను దారంగా కలిపే బంధాలు బలమైనవి, మరిగే నీటికి అవి అంత తొందరగా లొంగవు. ఆ దారాన్ని మడతలో నిలిపే బంధాలు మాత్రం బలహీనమైనవి. హైడ్రోజన్ బంధాలు కొన్ని, ధన రుణ ఆవేశాల మధ్య ఆకర్షణలు కొన్ని. వీటికి తోడు నీరంటే సరిపడని అమైనో ఆమ్లాలు నీటికి దూరంగా లోపలికి ముడుచుకోవడం వల్ల వచ్చే పట్టు ఒకటి. ఒక్కొక్కటీ అల్పమే, వందల కొద్దీ కలిస్తే అణువు నిలబడుతుంది. కానీ మడత విడదీసే శక్తులు కూడా దాదాపు అంతే బలంతో పనిచేస్తుంటాయి. అంతా తీసివేసి చూస్తే చివరికి మడతను కాపాడే మిగులు బలం కొద్దిపాటి హైడ్రోజన్ బంధాల విలువకు మించదు. వేడికి దారం కంపించి కొన్ని బంధాలు ఊడితే, వాటి పక్కన ఉన్నవాటికి ఆసరా పోతుంది, అవీ ఊడతాయి. అందుకే ఎంజైమ్ కొంచెం కొంచెంగా కాక, కొద్ది డిగ్రీల తేడాలోనే ఒక్కసారిగా విడిపోతుంది. 197వ ఆమ్లం ఒకచోట, 233వది ఇంకోచోట. గాడి ఇక లేదు. దారంలో ఒక్క అమైనో ఆమ్లం కూడా తగ్గలేదు, ఆకారం మాత్రం పోయింది. దీన్నే స్వభావ వికృతి అంటారు.

కోడిగుడ్డు తెల్లసొనలో ఇది కళ్లకు కనిపిస్తుంది. పచ్చిసొన పారదర్శకంగా ఉంటుంది, ఎందుకంటే అందులోని ప్రోటీన్లు దేనికది విడిగా మడిచి ఉంటాయి. వేడికి మడతలు విప్పుకుని, లోపల దాగిన నీరు సరిపడని భాగాలు బయటపడి, పక్క అణువుల అలాంటి భాగాలకు అతుక్కుంటాయి. చిక్కుపడిన ఆ ముద్ద తెల్లగా గట్టిపడుతుంది. చల్లార్చినా చిక్కు విడదు. మరిగిన ఎమైలేజ్ తిరిగి పనిచేయకపోవడానికీ ముఖ్య కారణం ఇలాంటి చిక్కే. చిక్కుపడని పక్షంలో కొన్ని ప్రోటీన్లు తిరిగి మడత పడగలవు. రైబోన్యూక్లియేజ్ అనే 124 అమైనో ఆమ్లాల చిన్న ఎంజైమ్‌ను రసాయనాలతో పూర్తిగా విప్పి, ఆ రసాయనాలు తీసేస్తే అది మళ్లీ తనంత తాను మడిచి పనిలోకి దిగిందని క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ చూపాడు. ఆ పరిశోధనకు ఆయనకు 1972లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

వేడికి ఎంజైమ్ చచ్చిపోవడం తెలుగు వంటింట్లో నిత్యం జరిగేదే. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థమూ, దాన్ని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమూ వేరువేరు కణాల్లో ఉంటాయి. గింజను నూరి నీరు తగిలించగానే రెండూ కలుస్తాయి, ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. తాలింపులో కాగే నూనెలో చిటపటలాడిన ఆవాలకు ఆ ఘాటు రాదు. సినిగ్రిన్‌ను విడగొట్టాల్సిన ఎంజైమ్ వేడికి దెబ్బతిన్నది. ఆవ పెట్టిన కూరలో ఆవముద్దను పొయ్యి మీద ఉన్నప్పుడు కాక, కూర దించాక కలపడం వెనక ఉన్న కెమిస్ట్రీ ఇదే.

ఎమైలేజ్‌కు అనుకూల ఉష్ణోగ్రత 37 డిగ్రీలు అని పుస్తకాలు ఒక సంఖ్య ఇస్తాయి. దాన్ని మరీ గట్టిగా పట్టుకోకూడదు. ప్రయోగం నిమిషంలో ముగిస్తే ఎమైలేజ్ 45 డిగ్రీల దగ్గర ఇంకా వేగంగా కనిపించవచ్చు, ఎందుకంటే అది చెడిపోయేలోపే పని జరిగిపోయింది. గంటలు ఉంచితే ఆ లాభం మిగలదు. అనుకూల ఉష్ణోగ్రత అంటే వేగం పెరగడానికీ ఎంజైమ్ చెడిపోవడానికీ మధ్య రాజీ కుదిరిన చోటు. ఎంతసేపు చూశారన్నదాన్ని బట్టి అది జరుగుతుంది. జ్వరం 40 డిగ్రీలకు చేరగానే ఒంట్లోని ఎంజైములన్నీ విడిపోతాయన్న మాట కూడా సరికాదు. చాలావాటి మడత అంతకంటే ఎక్కువ వేడికి తట్టుకుంటుంది.

అన్ని జీవుల ఎంజైములకూ ఒకే హద్దు లేదు. అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో బతికే థెర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా ఎంజైములు 70 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తాయి. దాని నుంచి తీసిన టాక్ పాలిమరేజ్‌తోనే పీసీఆర్ పరీక్ష సులువైంది. బాసిలస్ జాతి బ్యాక్టీరియాల్లో 90 డిగ్రీల వేడిలో పనిచేసే ఎమైలేజ్‌లున్నాయి. నేత సమయంలో నూలుకు పట్టించిన గంజిని బట్టల మిల్లుల్లో వదిలించడానికి అలాంటివి వాడతారు. చేసే పని లాలాజల ఎమైలేజ్‌దే, మడత మాత్రం ఎక్కువ బంధాలతో మరింత బిగువైనది.

ఆమ్లం తగిలితే

ఆమ్లం దెబ్బ వేరే దారిలో తగులుతుంది. ఆమ్లత్వాన్ని పీహెచ్ అనే కొలతతో చెబుతారు. శుద్ధమైన నీటికి 7. అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. ఒక్క అంకె తేడా అంటే ద్రవంలోని హైడ్రోజన్ అయాన్లు పదింతలు. లాలాజలం పీహెచ్ 7కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఖాళీ కడుపులో జఠరరసం పీహెచ్ 2 ప్రాంతంలో ఉంటుంది. అంటే లాలాజలంతో పోలిస్తే అక్కడ హైడ్రోజన్ అయాన్లు సుమారు లక్ష రెట్లు.

ఎమైలేజ్ గాడిలో ఆ రెండు అమైనో ఆమ్లాలు ఎలా పనిచేశాయో మరోసారి చూడాలి. 233వది ప్రోటాన్ ఇవ్వాలి, కాబట్టి దాని దగ్గర ప్రోటాన్ ఉండి తీరాలి. 197వది గ్లూకోజ్‌ను పట్టుకోవాలి, అందుకు దాని మీద రుణావేశం ఉండాలి, అంటే దాని దగ్గర ప్రోటాన్ ఉండకూడదు. ఒకదానికి ఉండాలి, ఇంకోదానికి ఉండకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదిరేది పీహెచ్ 7 పరిసరాల్లోనే. ఆమ్లత్వం పెరిగితే ద్రవంలో ప్రోటాన్లు ఎక్కువై 197వది కూడా ఒకదాన్ని అంటించుకుంటుంది, రుణావేశం పోతుంది, పట్టు పోతుంది. క్షారత్వం పెరిగితే 233వది తన ప్రోటాన్‌ను కోల్పోతుంది, ఇవ్వడానికి ఏమీ మిగలదు. అందుకే ఎమైలేజ్ వేగాన్ని పీహెచ్‌కు ఎదురుగా గీస్తే మధ్యలో ఉబ్బి రెండు వైపులా వాలే గీత వస్తుంది.

ఇంతవరకు ఆకారం చెడలేదు, గాడిలో ఆవేశాలు మాత్రమే మారాయి. పీహెచ్‌ను తిరిగి 7కు తెస్తే పని మొదలవుతుంది. ఆమ్లం మరీ ఎక్కువైతే దెబ్బ గాడి దాటి అణువంతటా పాకుతుంది. దారమంతటా ఉన్న రుణావేశపు అమైనో ఆమ్లాలు ప్రోటాన్లు అంటించుకుని తటస్థమవుతాయి. ధన రుణ ఆవేశాల మధ్య ఆకర్షణలు తెగుతాయి. మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మడత విడిపోతుంది. అక్కడి నుంచి వేడి తగిలినప్పటి కథే.

ఈ రెండు దశలనూ ప్రయోగంలో విడదీయవచ్చు. లాలాజల ద్రవంలో ఒకటి రెండు చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే పిండి నీలం పోదు. వెంటనే కొద్దిగా వంటసోడా ద్రావణంతో ఆమ్లాన్ని విరిచేస్తే కొంత పనైనా తిరిగి కనిపించవచ్చు. ఎక్కువ ఆమ్లం పోసి అరగంట ఉంచి విరిస్తే మళ్లీ రాకపోవచ్చు. క్షారం వైపు చూడాలనుకుంటే ఒక చిక్కుంది. గాఢ క్షారంలో అయోడిన్ తనంత తానే రంగు కోల్పోతుంది, దాంతో అరగని పిండి అరిగినట్టు కనిపిస్తుంది. లాలాజలం లేని నాళికను పక్కన పెట్టుకుంటే ఈ మోసం వెంటనే బయటపడుతుంది.

ఇప్పుడు మింగిన ముద్ద సంగతి. జఠరంలో పడగానే ఎమైలేజ్ పని ఆగిపోదు. ముద్ద లోపలికి ఆమ్లం ఇంకడానికి సమయం పడుతుంది, పైగా భోజనం కలిసినప్పుడు జఠరరసం ఆమ్లత్వం కాసేపు తగ్గుతుంది. అంతసేపూ ముద్ద నడిమధ్యన పిండిపదార్థం తెగుతూనే ఉంటుంది. ఆమ్లం లోపలికి చేరాకే ఎమైలేజ్ ఆగుతుంది. అది కూడా ఒక ప్రోటీనే కనుక, తర్వాత జఠరంలోని పెప్సిన్‌కు ఆహారమైపోతుంది.

పెప్సిన్‌కు అంత ఆమ్లం ఎందుకు హాని చేయదు? దాని గాడిలోనూ రెండు ఆస్పార్టిక్ ఆమ్లాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదానికి ప్రోటాన్ ఉండాలి, ఇంకోదానికి ఉండకూడదు. నియమం ఎమైలేజ్‌దే, కానీ ఇక్కడ రెండూ చుట్టూ ఉన్న అమరిక వల్ల పీహెచ్ 2 దగ్గర ఆ స్థితిలో ఉంటాయి. దాని పై భాగమూ అందుకు తగినట్టే ఉంది. పంది జఠరం నుంచి తీసిన పెప్సిన్‌లో ధనావేశం తెచ్చుకోగల అమైనో ఆమ్లాలు నాలుగే, రుణావేశం తెచ్చుకోగలవి నలభైకి పైగా. బలమైన ఆమ్లంలో ఆ నలభైలో ఎక్కువభాగం తటస్థమై ఉంటాయి, తోసుకోవడానికి పెద్దగా ఆవేశాలు లేవు, మడత నిలుస్తుంది. అదే పెప్సిన్‌ను తటస్థ ద్రవంలో పెడితే ఆ నలభైకీ రుణావేశం వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, మడత చెదురుతుంది. ఎమైలేజ్‌ను కూల్చింది ఆమ్లం. పెప్సిన్‌ను కూల్చేది ఆమ్లం లేకపోవడం.

జఠరం నుంచి ఆహారం చిన్నపేగు మొదటి భాగంలోకి జారగానే అదే జరుగుతుంది. క్లోమం నుంచి వచ్చే రసంలోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని విరిచేస్తుంది, పీహెచ్ మళ్లీ 7 వైపు పెరుగుతుంది, పెప్సిన్ ఆగిపోతుంది. ఆ క్లోమరసంలోనే కొత్త ఎమైలేజ్ వస్తుంది. లాలాజల ఎమైలేజ్‌తో దాదాపు ఒకేలా ఉండే దారం, అదే గాడి. నోట్లో మొదలై జఠరంలో ఆగిన పని అక్కడ తిరిగి సాగి, పిండిపదార్థపు గొలుసు చిన్న ముక్కలవుతుంది. పేగు గోడ మీదున్న మాల్టేజ్, దాని తోటి ఎంజైములు ఆ ముక్కలను గ్లూకోజ్‌గా విడగొట్టాక అది రక్తంలోకి చేరుతుంది.